ఐదు సిరాల్లో గోదావరి

ఫోటోను జపాన్ చెక్క ముద్రలా మార్చే ఫిల్టర్లు ఫోన్లలో చాలా ఉన్నాయి. మీట నొక్కగానే రంగులు ముద్దలు కడతాయి, అంచుల వెంట నల్లటి గీతలు వస్తాయి. కానీ హొకుసాయ్ కెరటాన్నో, హిరోషిగే వానలో వంతెననో ఒక్కసారి చూసినవాళ్లకు ఇది అది కాదని వెంటనే తెలిసిపోతుంది. ఫిల్టర్ వెలుతురు ఎక్కడ మారితే అక్కడ గీత గీస్తుంది. జపాన్ చిత్రకారుడు వస్తువు ఎక్కడ ముగిస్తే అక్కడ గీశాడు. ఈ రెండింటి మధ్య ఉన్న దూరాన్ని మన చేత్తో, మన నిర్ణయాలతో నడవాలి. అది కష్టమైన పని కాదు కానీ వరస తప్పకుండా చేయాల్సిన పని.

ఆ వరస ఎక్కడి నుంచి వచ్చిందో ముందు చూద్దాం. ఎదో నగరంలో, అంటే ఈనాటి టోక్యోలో, 1765 ప్రాంతంలో సుజుకి హరునొబు కాలానికి చాలా రంగుల ముద్రలు స్థిరపడ్డాయి. చిత్రకారుడు పల్చటి కాగితం మీద కుంచెతో నల్లటి గీతలు మాత్రమే గీసి ఇచ్చేవాడు. చెక్కేవాడు ఆ కాగితాన్ని బోర్లించి అడవి చెర్రీ పలక మీద అంటించి, గీతకు రెండు పక్కలా కత్తితో కోసి, మిగతా చెక్కను తొలిచేసేవాడు. అసలు కాగితం ఆ పనిలోనే పోయేది, గీతలు మాత్రం పలక మీద ఎత్తుగా నిలిచేవి. ఈ గీతల పలకతో కొన్ని ప్రతులు తీసి, ఒక్కో ప్రతి మీద ఒక్కో రంగు ఎక్కడెక్కడ పడాలో గుర్తు పెట్టేవారు. వాటిని చూసి రంగుకొక అచ్చు చొప్పున మళ్లీ చెక్కేవారు. అచ్చుకు నీటిరంగు పూసి, దాని మీద తడి కాగితం పరిచి, వెనక నుంచి వెదురు పట్ట చుట్టిన గుండ్రటి బిళ్లతో రుద్దేవారు. ఆ బిళ్ల పేరు బరెన్. ప్రతి అచ్చు మూలనా, అంచునా కెంతో అనే చిన్న గాట్లు ఉండేవి. కాగితం వాటికి ఆనుకుంటే ప్రతి రంగూ తన చోటే పడేది.

పెడనలో కలంకారీ గుడ్డ అద్దే చోట నిలబడి చూసినవాళ్లకు ఇందులో సగం తెలిసిన విషయమే. అక్కడా గీతకొక అచ్చు, నింపే రంగుకు వేరే అచ్చు.

రంగు పెరిగితే ఇంకో అచ్చు చెక్కాలి, ఇంకోసారి రుద్దాలి, ఇంకొంత కూలి ఇవ్వాలి. ప్రచురణకర్త లెక్కలు చూసుకునేవాడు. అందుకే సిరాలు కొద్దిగా ఉండేవి. ఆ కొద్ది సిరాల్లోనే పని జరగాలి కనుక ఆకాశంలో సగభాగాన్ని కాగితానికే వదిలేయడం, నీటిని ఒకే నీలంతో నింపడం, నీడల్ని పక్కన పెట్టేయడం లాంటి పద్ధతులు రూపుకట్టాయి. కంప్యూటర్‌లో సిరాకు ఖర్చు లేదు, కోటి రంగులైనా ఉచితమే. కాబట్టి ఆ పరిమితిని మనమే పెట్టుకోవాలి, పనిలో మొట్టమొదటే పెట్టుకోవాలి.

ఉదాహరణకు ఒక ఫోటో తీసుకుందాం. రాజమండ్రి పుష్కర ఘాట్ మెట్ల మీది నుంచి సాయంత్రం తీసినది. సూర్యుడు కొవ్వూరు వైపు దిగిపోయాడు. గట్టు పక్కన కట్టేసిన పడవ, అందులో కూర్చున్న మనిషి, వెనక నదిని దాటుతున్న కమాను వంతెన, అవతలి గట్టున చెట్ల బారు, మీద పెద్ద ఆకాశం. ఎదురు వెలుతురులో తీసిన ఇలాంటి ఫోటో ఈ పనికి బాగా లొంగుతుంది. ఆకారాలు పక్కనుంచి కత్తిరించినట్టు తేటగా ఉంటాయి, వంతెన మీద వెలుగునీడల ఆట ఉండదు. మిట్టమధ్యాహ్నం మర్రిచెట్టు కింద తీసిన ఫోటో తీసుకుంటే మాత్రం చిక్కే. మట్టి మీద పడ్డ వెలుగు మచ్చల్లో ఏది వస్తువో ఏది వెలుతురో తేల్చుకోవడానికే పొద్దు గడిచిపోతుంది.

ఈ ముద్రలు ఎక్కువగా ఓబాన్ అనే కొలతలో ఉండేవి, సుమారు 39 సెంటీమీటర్లు పొడవు, 26 వెడల్పు. ఇది మూడుకు రెండు నిష్పత్తి. కెమెరా ఫోటోలు చాలావరకు ఇదే నిష్పత్తిలో వస్తాయి కనుక ఇక్కడ మనకు ఇబ్బంది లేదు. పని చేయడానికి 3000 పిక్సెళ్లు పొడవు, 2000 ఎత్తు చాలు. అసలు సంగతి ఏ ముక్క కత్తిరించాలన్నది. ఫోటోలో పడవ మధ్యలో చిన్నగా ఉంది, చుట్టూ ఖాళీ ఉంది. హిరోషిగే 1856 నుంచి 58 వరకు వెలువరించిన ఎదో నగర దృశ్యాల వరసలో దగ్గరి వస్తువును అంచు మీద సగం కోసేసి, దాని వెనక దూరాన్ని చూపించడం చాలాసార్లు కనిపిస్తుంది. మనమూ పడవ ముక్కు ఎడమ అంచు దగ్గర తెగిపోయేలా, నీరూ గట్టూ కలిసే గీత పైనుంచి మూడోవంతులో వచ్చేలా కత్తిరిద్దాం. దీంతో సగం జపాన్ వచ్చేసినట్టే. ఇంతవరకూ ఒక్క ఫిల్టర్ కూడా తాకలేదు.

తర్వాత సిరాలు. ఫోటోను చూస్తూ రంగులు ఎంచుకుంటే ఇరవై తేలతాయి. అందుకే ఫోటోను కాసేపు మూసేసి, ఈ సాయంత్రం చెప్పడానికి ఏవి తప్పవో కాగితం మీద రాసుకోవాలి. నేనైతే ఐదు ఎంచుకుంటాను: గీతలకు నల్లటి నీలం, ఒక లేత నీలం, ఒక ముదురు నీలం, పసుపు, కాస్త మాసిన నారింజ. వీటి అడుగున మీగడ రంగు కాగితం. గీతకు కటిక నలుపు పెట్టకపోవడానికి పాత ఆధారమే ఉంది. హొకుసాయ్ పెద్ద కెరటంలో, అది 1831 ప్రాంతపుది, రేఖలు కూడా నీలంలోనే పడ్డాయి. బెర్లిన్ నుంచి పుట్టి జపాన్ చేరిన ప్రష్యన్ నీలం అప్పుడే అక్కడ చవకగా దొరకడం మొదలైంది. మొక్కల నుంచి తీసే పాత నీలాలకంటే అది గాఢంగా, నిలకడగా ఉండేది. ఫుజి కొండ దృశ్యాల్లో ఆ నీలాన్ని వాళ్లు ఎంత ఇష్టంగా వాడారో చూస్తే, ఒకే సిరాను పల్చగా ఒకసారి, చిక్కగా ఒకసారి వేసి రెండు రంగుల పని చేయించుకోవచ్చని తెలుస్తుంది.

సిరాలు తేలాక ఫోటో దగ్గరికి వద్దాం. ఉచితంగా దొరికే GIMP లో చేస్తున్నామనుకోండి. ముందు ఫోటోకు ఒక నకలు తీసి, Median Blur తో చిన్న చిన్న మరకలు పోయేలా చదును చేయాలి. వ్యాసార్ధం 8 లేదా 10 దగ్గర మొదలుపెట్టవచ్చు. మామూలు మసక అంచుల్ని కూడా కరిగిస్తుంది, ఇది అంచుల్ని చాలావరకు నిలబెట్టి మధ్యలోని నలతల్ని తుడిచేస్తుంది. చెట్ల ఆకులు కలిసి ఒక గుబురైతే, వంతెన కమానులు ఇంకా వంపుతోనే ఉంటే సరిపోయినట్టు. కమానుల కింది సన్నటి నిలువు కడ్డీలు మాయమైతే కంగారు పడనక్కరలేదు, వాటిని గీతల్లో తిరిగి తెచ్చుకుంటాం.

ఇక్కడే చాలామంది Posterize తెరిచి, 4 అని పెట్టి, నాలుగు రంగులు వస్తాయనుకుంటారు. రావు. ఆ పని ఎరుపు, పచ్చ, నీలం అనే మూడు పాళ్లను విడివిడిగా నాలుగేసి మెట్లకు కుదిస్తుంది. నాలుగు, నాలుగు, నాలుగు గుణిస్తే 64 రంగులకు వీలుంటుంది. పైగా మూడు పాళ్లూ ఒకేచోట మెట్టు దిగవు. మన ఫోటోలో ఆకాశం నారింజ నుంచి నీలానికి మెల్లగా జారుతోంది కనుక, మధ్యలో ఎక్కడా లేని వంగపండు రంగు పట్టీ, ఆకుపచ్చ పట్టీ పుట్టుకొస్తాయి. ఆకాశం నిండా పొర పొరలుగా వంకర చారలు కనిపిస్తే కారణం ఇదేనని గుర్తుపట్టవచ్చు.

దానికంటే మంచి దారి ఉంది. మన ఐదు సిరాలూ కాగితం రంగూ కలిపి ఒక చిన్న ప్యాలెట్ తయారుచేసి, Image మెనూలో Mode కింద ఉన్న Indexed లో ఆ ప్యాలెట్‌నే ఇవ్వాలి. Color dithering దగ్గర None పెట్టాలి, లేకపోతే రంగులు చుక్కలుగా చెదిరిపోతాయి. అప్పుడు ప్రతి పిక్సెల్ మన సిరాల్లో తనకు అన్నిటికంటే దగ్గరున్న దానిగా మారుతుంది. చూడడానికి ముచ్చటగా ఉంటుంది కానీ దీన్నే పూర్తయిన బొమ్మ అనుకోకూడదు. యంత్రానికి దగ్గరి రంగు తెలుసు, వస్తువు తెలియదు. నీళ్లలో మెరిసిన నారింజ తళుకును నారింజ అచ్చుకు ఇచ్చేస్తుంది. పడవలోని మనిషి చొక్కా నీడను వంతెనతో కలిపేస్తుంది. ఇది రంగుల పటం మాత్రమే. దీన్ని RGB కి తిరిగి మార్చి, పక్కన పెట్టుకుని, అసలు అచ్చులు మనం చెక్కాలి.

మొదట గీతల అచ్చు. అంచులు వెతికే Difference of Gaussians అనే పనిముట్టు ఇక్కడ కొంత సాయపడుతుంది. ఫోటోను రెండు రకాలుగా మసకబరిచి, ఒకదానిలోంచి ఇంకోదాన్ని తీసేస్తే, వెలుతురు హఠాత్తుగా మారిన చోట్లు మిగులుతాయి. రెండు మసకల నిష్పత్తి 1.6 దగ్గర ఉంచితే గీతలు శుభ్రంగా వస్తాయి, ఉదాహరణకు 2, 3.2. తర్వాత Threshold తో నలుపూ తెలుపూ చేయాలి. ఫలితం చూస్తే అసలు సమస్య కళ్ల ముందుంటుంది. ముదురు కమాను ముదురు చెట్ల మీదుగా వెళ్లిన చోట గీత తెగిపోయింది, ఎందుకంటే రెండింటి వెలుతురూ ఒకటే. నీటి మీద మాత్రం వందల ముక్కల గీతలు, ఎందుకంటే అక్కడ ప్రతి తళుకూ ఒక అంచే.

అందుకే దీన్ని సగం వెలిసిపోయేలా చేసి, దాని మీద కొత్త లేయర్ పెట్టి, పైన మన గీతలు మనం గీయాలి. వంతెన కమాను ఫోటోలో తెగినా మనం తెంచకూడదు, అది చెట్ల మీదుగా అవతలి గట్టు దాకా సాగాలి. Paths పనిముట్టుతో వంపును పెట్టి, దాని వెంట కుంచె పోనిస్తే చేతి వణుకు ఉండదు. మన కొలతలో ఒక మిల్లీమీటరు దాదాపు 8 పిక్సెళ్లు. పడవ చుట్టూ బయటి గీతకు 8 నుంచి 10 పిక్సెళ్లు, లోపలి పలకల అతుకులకు 3 లేదా 4, దూరపు వంతెనకు ఇంకా సన్నగా వాడితే దగ్గరా దూరం నీడల్లేకుండానే తెలుస్తాయి. గీత అంతటా ఒకే మందం ఉంటే తీగ వంచి అంటించినట్టుంటుంది. కుంచెతో గీసిన గీత మొదట్లో సన్నగా మొదలై వంపులో లావెక్కి చివర మొనదేలుతుంది. చెక్కేవాడు ఆ లావును కూడా యథాతథంగా నిలబెట్టేవాడు. పెన్ను టాబ్లెట్ ఉంటే ఒత్తిడితో అది సులువుగా వస్తుంది. లేకపోతే గీశాక చివర్లను రబ్బరుతో మొనదేర్చుకోవాలి.

మనిషి ముఖం దగ్గర కొంచెం ఆగాలి. ఫోటోలో ముక్కుకు గీత అంటూ ఉండదు, ఒక పక్క నీడ ఉంటుంది. జపాన్ ముద్రలో ముక్కు ఒక గీత, నీడ లేదు. ఫిల్టర్ ఆ నీడను మరకగా మారుస్తుంది, అందుకే ఫిల్టర్ వేసిన ముఖాలు దెబ్బతగిలినట్టు కనిపిస్తాయి. ముక్కుకు ఒకటి, కనుబొమకు ఒకటి, గడ్డానికి ఒకటి గీసి, చర్మాన్ని కాగితం రంగుకే వదిలేయడం మేలు. పడవ మనిషి ఇంత చిన్నగా ఉన్నప్పుడు తలపాగా, భుజం, చేతిలో గెడ చాలు. నీడల్ని తీసేయడం ఆ కళలో కఠిన నియమం కాదన్నదీ నిజమే. హిరోషిగే 1856లో చేసిన సరువాకమాచి వెన్నెల దృశ్యంలో వీధిలో మనుషుల నీడలు నేల మీద స్పష్టంగా ఉన్నాయి. కానీ అక్కడ నీడ వెన్నెల ఉందని చెప్పడానికి కావాలని వేసిన ఆకారం. మన ఫోటోలోని నీడలు ఏదీ చెప్పడం లేదు, కాబట్టి పోనిద్దాం.

ఇప్పుడు రంగుల అచ్చులు. అడుగున కాగితం లేయర్, దాని మీద సిరాకొక లేయర్, అన్నిటి మీద గీతలు. ప్రతి సిరా లేయర్‌కు Mode లో Multiply పెట్టాలి. ఇదొక్కటే నిజమైన ముద్రకు అన్నిటికంటే దగ్గరి పని చేస్తుంది. నీటిరంగు సిరా కిందిదాన్ని పూర్తిగా కప్పదు, దానిలో కలిసి ముదురవుతుంది. లెక్క చిన్నది. రెండు రంగుల ఒక్కో పాలూ గుణించి 255తో భాగిస్తారు. మన లేత నీలం (150, 190, 205), పసుపు (240, 205, 110) అనుకుంటే, రెండూ పడ్డచోట (141, 153, 88) వస్తుంది. అంటే మట్టి కలిసిన ఆకుపచ్చ. అవతలి గట్టు చెట్లకు ఇదే కావాలి. లేత నీలం మీద నారింజ (230, 130, 90) పడితే (135, 97, 72), అది పాత పడవ చెక్క రంగు. కాగితం మీగడ రంగు కింద ఉంది కనుక ఇవి తెర మీద ఇంకాస్త వెచ్చగా కనిపిస్తాయి. ఆకుపచ్చకూ గోధుమకూ వేరే సిరా కొనలేదు, వేరే అచ్చు చెక్కలేదు. ఐదు సిరాల బొమ్మలో ఎనిమిది రంగులు కనిపించేది ఇలాగే, పైగా అవన్నీ ఒకే ఇంటివాళ్లలా ఉంటాయి, ఎందుకంటే ఒకటి ఇంకోదానిలో ఉంది.

ఆకారాలు నింపడానికి Free Select తో చుట్టూ గీసుకుని రంగు పోయాలి. Feather పెట్టకూడదు, కత్తితో చెక్కిన అంచు మెత్తగా ఉండదు. గీతల్లోపల ఖాళీని Fuzzy Select తో పట్టుకుంటే వేగంగా అవుతుంది కానీ రంగుకూ గీతకూ మధ్య సన్నటి తెల్ల సందు మిగులుతుంది. దగ్గరగా చూస్తే కనిపించే ఈ సందు బొమ్మ మొత్తాన్నీ చవకగా మారుస్తుంది. ఎంపికను Grow తో 3 పిక్సెళ్లు పెంచితే రంగు గీత మధ్య దాకా వెళ్లి దాని కింద దాక్కుంటుంది. గీతల అచ్చు చేసే మేళ్లలో ఇదీ ఒకటి, రెండు రంగుల అతుకును అది కప్పేస్తుంది.

మన బొమ్మలో నీరంతా ఒకే లేత నీలం. వందల తళుకుల్లో ఐదారింటిని మాత్రం ఎంచి, అచ్చులో తొలిచేసినట్టు కాగితాన్ని వదిలిపెట్టి, దగ్గర పొడుగ్గా దూరం పోయేకొద్దీ పొట్టిగా ఉంచాలి. వంతెన ఒకే ముదురు నీలం. ఆకాశానికి మధ్యలో సిరాయే లేదు.

ఆకాశం ఖాళీగా అనిపించకుండా చూసే పని బొకాషిది. ముద్రించేవాడు తడి గుడ్డతో పలకను తుడిచి, కుంచెకు ఒక పక్కనే రంగు పట్టించి లాగేవాడు. రంగు ఒక వైపు చిక్కగా మొదలై తడిలోకి కరిగిపోయేది. ముద్రల పైఅంచున తరచూ కనిపించే ముదురు పట్టీ అదే. మన 2000 పిక్సెళ్ల ఎత్తులో పైన 200 పిక్సెళ్ల మేర ముదురు నీలం సున్నాకు జారాలి. చెట్ల వెనక నుంచి నారింజ ఒక 250 పిక్సెళ్ల మేర పైకి కరగాలి. నీటికి అడుగున ఇంకో ముదురు నీలం పట్టీ. ఒక్కో బొకాషిలో ఒకే సిరా ఉండాలి, అది పొట్టిగా ఉండాలి. నారింజ నుంచి నీలం దాకా ఆకాశమంతా ఒకే జారుడుగా పెడితే ఫోటో వెనక్కి వచ్చేస్తుంది, అప్పటిదాకా చేసిందంతా కొట్టుకుపోతుంది.

కాగితం, చెక్క ఆనవాళ్ల గురించి ఎక్కువ చెప్పను, ఎందుకంటే ఎక్కువ చేస్తేనే చెడుతుంది. నిజమైన ముద్రల్లో విశాలమైన చదును రంగులో చెక్క రేఖలు లీలగా కనిపిస్తాయి. ఒక చెక్క పలక ఫోటో తీసి, రంగు తీసేసి, పది శాతం గాఢతతో నీటి అచ్చుకూ వంతెన అచ్చుకూ మాత్రమే పట్టించండి. బొమ్మ మొత్తానికి ఒకే మచ్చ పూస్తే గీతల మీద కూడా చెక్క కనిపిస్తుంది, అది అబద్ధమని కంటికి తెలుస్తుంది. రంగును గీత నుంచి పక్కకు జరిపి పాతదనం తెచ్చే అలవాటు కూడా ఉంది. కెంతో గాట్లు ఉన్నదే ఆ జారుడు రాకుండా. జరపాలనిపిస్తే ఒక్క అచ్చును రెండు పిక్సెళ్లు జరపండి, అంతకు మించితే పనివాడిని అవమానించినట్టే.

ఇలా అచ్చులుగా విడగొట్టినందుకు దక్కే లాభం చివర్లో తెలుస్తుంది. యోషిదా హిరోషి 1926లో జపాన్ లోపలి సముద్రం మీద తెరచాప పడవల బొమ్మ చేశాడు. అవే అచ్చులు, సిరాలు మాత్రం మార్చి ఉదయం, సాయంత్రం, మంచు, రాత్రి వేరువేరుగా ముద్రించాడు. కొన్నేళ్లకు మన దేశం వచ్చి తాజ్‌మహల్‌ను గీసింది ఆయనే. మన గోదావరిని కూడా రాత్రిలోకి తీసుకెళ్లవచ్చు. సిరా లేయర్లకు Lock alpha channel పెట్టి, లేత నీలం చోట బూడిద కలిసిన నీలం నింపి, ఆ Lock తీసేసి, నారింజ అచ్చును పడవ వరకే ఉంచి, గట్టు దగ్గరి పట్టీని తీసేసి, పైనున్న బొకాషిని కిందికి, గట్టు దాకా పెంచితే చాలు. వంతెన మీద రైలు వెళ్తున్నట్టు కిటికీ దీపాలు కావాలంటే మాత్రం పైనుంచి పసుపు పూయకూడదు. Multiply లో ఏ రంగూ కిందిదాన్ని వెలిగించలేదు, నిజమైన సిరా కూడా వెలిగించలేదు. రెండు నీలాల లేయర్లలోనూ కిటికీకొక చిన్న చతురస్రం చొప్పున తొలిచేసి, పసుపు అచ్చు మీద అదే చోట రంగు ఉంచాలి. చతురస్రాల్ని కొలిచి సమంగా పెట్టకుండా ఒకటి కాస్త వెడల్పుగా, ఒకటి చీకటిగా వదిలేస్తే రైలు కదులుతున్నట్టు కూడా ఉంటుంది.